జెడ్ స్కోరుకు 20 రోజులా, 60 రోజులా: ఏది మేలు?

విశాఖలో మల్కాపురం వైపు వెళ్లిన ప్రతిసారీ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ కనిపిస్తుంది. కలిసి కదిలే రెండు షేర్ల మధ్య తేడా మామూలుకంటే పెరిగినప్పుడు ఒకటి అమ్మి, మరొకటి కొని, ఆ తేడా తగ్గాక బయటపడటం జంట ట్రేడింగ్. అందుకోసం నేను రోజూ గమనించే జంటలో ఒకటి ఆ కంపెనీ షేరు, రెండోది మరో చమురు కంపెనీ బీపీసీఎల్ షేరు. మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ ముగిశాక రెండింటి ముగింపు ధరలను షీటులో రాసి, వాటి మధ్య తేడా అయిన స్ప్రెడ్‌ను, అది సగటుకు ఎన్ని విచలనాల దూరంలో ఉందో చెప్పే జెడ్ స్కోరును లెక్కిస్తాను:

```
స్ప్రెడ్ = ln(HPCL) - β × ln(BPCL)
z = (నేటి స్ప్రెడ్ - సగటు) / ప్రామాణిక విచలనం
```

β అంటే బీపీసీఎల్ కదలికకు హెచ్‌పీసీఎల్ ఎంత కదులుతుందో చూపే నిష్పత్తి. రెండో వరుసలోని సగటు ఎన్ని రోజులది? పక్క వీధిలోని మాస్టారు 20 రోజులది తీసుకుంటారు, నేను 60 రోజులది. ఆయన తీరు తప్పని చెప్పలేను. 20 రోజుల లెక్క మార్పును వెంటనే పట్టుకుంటుంది. స్ప్రెడ్ ఒకసారి పక్కకు జరిగితే, అందులో సగం దూరం తిరిగి రావడానికి రెండు మూడు రోజులే పట్టే జంటకు అది సరిపోతుంది. ఆ సగం దూరానికి పది రోజులు పట్టే జంట అయితే, 20 రోజుల్లో పూర్తయ్యే రాకపోకలు ఒకటో రెండో. అంత కొద్దిపాటి చరిత్ర నుంచి తీసిన సగటును నమ్మి డబ్బు పెట్టలేము.

20 రోజుల లెక్కకు ఇంకో బలహీనత ఉంది. మార్కెట్ స్తబ్దుగా ఉన్న వారాల్లో విచలనం బాగా కుంచించుకుపోతుంది. అది 0.006కు పడిపోయిందనుకోండి. స్ప్రెడ్ 0.013 కదిలినా, అంటే సుమారు 1.3 శాతమే అయినా, జెడ్ 2 దాటుతుంది. రెండు షేర్లలో కొనుగోలు, అమ్మకం కలిపి నాలుగు ఆర్డర్ల ఖర్చు పోతే అందులో చేతికి మిగిలేది చాలా తక్కువ.

అసలు చిక్కు పొజిషన్ తీసుకున్న తర్వాత మొదలవుతుంది. లెక్క తేలికగా ఉండే అంకెలతో చూద్దాం. స్ప్రెడ్ చాలా రోజులుగా 0.10 చుట్టూ, 0.02 విచలనంతో తిరుగుతోంది. ఒకరోజు 0.16కు ఎగబాకింది. రెండు లెక్కల్లోనూ జెడ్ 3. హెచ్‌పీసీఎల్ ఫ్యూచర్స్ అమ్మి, బీపీసీఎల్ ఫ్యూచర్స్ కొన్నాము. ఆ తర్వాత స్ప్రెడ్ వెనక్కి రాలేదు, 0.16 దగ్గరే ఊగిసలాడుతోంది. పది రోజులకు మాస్టారి షీటులో జెడ్ 0.8 చూపుతుంది, నా షీటులో 1.7. ఇరవై రోజులకు ఆయనది సున్నా, నాది 1.2. సున్నాకు వచ్చింది కదా అని ఆయన బయటపడతారు. కానీ అమ్మింది 0.16లో, తిరిగి కొన్నదీ 0.16లోనే. స్ప్రెడ్ సగటు దగ్గరకు రాలేదు, సగటే స్ప్రెడ్ దగ్గరకు నడిచి వెళ్లింది. లాభం లేదు, ఖర్చులు మాత్రం పోయాయి. మొదటి ఏడాది నాకూ ఇదే జరిగింది. జెడ్ దిగినా డబ్బు ఎందుకు రాలేదో తెలియక రెండు రాత్రులు షీటు ముందే కూర్చున్నాను.

60 రోజుల లెక్క ఈ పొరపాటును ఆలస్యం చేస్తుంది, ఆపదు. అందుకే ప్రవేశానికి 60 రోజులు, పొజిషన్ ఉన్నంత కాలం స్తంభింపజేసిన అంకెలు అన్నదే నా నిర్ణయం. ప్రవేశించిన రోజు సగటును, విచలనాన్ని G1, G2 గడుల్లో అంకెలుగా రాసిపెడతాను:

```
ప్రవేశానికి: =(D62-AVERAGE(D2:D61))/STDEV.S(D2:D61)
తర్వాత:   =(D62-$G$1)/$G$2
```

D62 నేటి స్ప్రెడ్ విలువ. దాన్ని సగటులో కలపకూడదు. 20 రోజుల లెక్కలో నేటి విలువనూ కలిపితే, స్ప్రెడ్ ఎంత దూరం పోయినా జెడ్ 4.25 దాటదు. పై ఉదాహరణలో స్తంభింపజేసిన జెడ్ ఇరవయ్యో రోజునా 3 దగ్గరే ఉంటుంది. స్ప్రెడ్ తిరిగి రాలేదన్న నిజాన్ని అది దాచదు.

అలా నిలిచిపోవడానికి కారణం తరచుగా వ్యాపారంలోనే దొరుకుతుంది. హెచ్‌పీసీఎల్ తాను శుద్ధి చేసేదానికంటే ఎక్కువ ఇంధనం అమ్ముతుంది. ముడి చమురు పడిపోయి పెట్రోలు బంకు ధర మారకపోతే, అమ్మకంలో మిగులు దానికి ఎక్కువగా కలిసొస్తుంది. చమురు తక్కువగా ఉన్నంత కాలం స్ప్రెడ్ కొత్త మట్టంలోనే ఉండవచ్చు. 15 ట్రేడింగ్ రోజులు గడిచినా స్తంభింపజేసిన జెడ్ 2 కంటే పైనే ఉంటే, నష్టమైనా సరే బయటికి వచ్చేస్తాను.

ఒక్కోసారి కారణం షీటులోనే ఉంటుంది. 2024 జూన్‌లో బీపీసీఎల్ ఒక షేరుకు ఒకటి, హెచ్‌పీసీఎల్ రెండు షేర్లకు ఒకటి బోనస్ ఇచ్చాయి. పాత ధరలను సవరించకపోతే, β ఒకటి అనుకున్నా స్ప్రెడ్ ఒక్కసారిగా 0.29 పైకి లేచినట్టు కనిపిస్తుంది. అలాంటి రోజున 20 మేలా, 60 మేలా అన్న ప్రశ్నే లేదు. ముందు ధరల వరుస సరిచేయాలి. మాస్టారు ఇప్పుడు తన షీటులో G1, G2 గడులకు పసుపు రంగు వేసుకున్నారు. ప్రవేశానికి మాత్రం ఇంకా 20 రోజులే చూస్తున్నారు.