చత్వారానికి మల్టీఫోకల్ లెన్సా, మోనోవిజనా? ట్రయల్‌లోనే తేలుతుంది

మైనస్ పవర్‌తో ఇరవై ఏళ్ళుగా కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటున్నవాళ్ళకి నలభై నాలుగు, నలభై అయిదు దాటేసరికి ఒక చిక్కు వస్తుంది. కళ్ళజోడు వాడేవాళ్ళయితే జోడు తీసేసి ఫోన్ చదివేసుకుంటారు. లెన్స్ పెట్టుకున్నవాళ్ళకి ఆ వీలు లేదు, అందుకే చత్వారం తెలిసేది ముందు వాళ్ళకే. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, హైదరాబాద్‌లో లెన్సులు ఫిట్ చేస్తాను, ఈ వయసువాళ్ళు వచ్చి కూర్చోగానే అడిగేది ఒకటే: మల్టీఫోకల్, మోనోవిజన్ రెండింట్లో ఏది మేలు?

మోనోవిజన్‌లో మామూలు లెన్సులే వాడతాం. ఒక కంటికి దూరం పవర్, రెండో కంటికి దగ్గర పవర్. ఏ కంటికి ఏదో ఊహించి పెట్టకూడదు. దూరపు చార్టు చూపిస్తూ ప్లస్ 1.50 అద్దాన్ని ఒక్కో కంటి ముందు పెట్టి తీస్తాం, ఏ కంటికి మసకేస్తే మనిషికి ఎక్కువ చిరాకు పుడుతుందో ఆ కన్ను దూరానికి, రెండోది దగ్గరకి. మల్టీఫోకల్ లెన్స్‌ని ప్రోగ్రెసివ్ కళ్ళజోడులా అనుకోకండి, కిందకి చూస్తే దగ్గర కనపడటం ఇందులో ఉండదు. ఎక్కువ సాఫ్ట్ లెన్సుల్లో మధ్యలో దగ్గర పవర్, చుట్టూ దూరం పవర్ ఉంటాయి. రెండు బొమ్మలూ ఒకేసారి కంట్లో పడతాయి, కావలసినదాన్ని మెదడు తీసుకుంటుంది. అందుకే మొదట్లో అక్షరాలకి నీడ కనిపిస్తుంది.

ఒక కేసు చెబుతాను. వయసు 47, కుడి కన్ను మైనస్ 2.75, ఎడమ కన్ను మైనస్ 3.00, చదవడానికి ప్లస్ 1.75 కావాలి. సిలిండర్ లేదు. ఇల్లు హయత్‌నగర్, ఆఫీసు గచ్చిబౌలి, రోజంతా రెండు మానిటర్ల మీద అకౌంట్స్ పని, రాత్రి ఎనిమిదింటికి ఔటర్ మీద తనే కారు నడుపుకుంటూ పెద్ద అంబర్‌పేట దగ్గర దిగుతారు. ఆవిడ మోనోవిజనే కావాలన్నారు. ఆఫీసులో ఒకావిడకి బాగా కుదిరిందట, పైగా మల్టీఫోకల్ కన్నా ఖర్చు బాగా తక్కువ. కుడి కంటిని దూరానికి వదిలేసి ఎడమ కంటికి మైనస్ 1.25 పెట్టాను.

కుర్చీలో అంతా బాగుంది, చార్టు చివరి వరుస చదివారు, చిన్నక్షరాల కార్డూ చదివారు. సరిగ్గా ఇక్కడే చాలామంది పొరపడతారు, కార్డు చదివేశాం కదా అని ఆరు నెలల డబ్బాలు కొనేస్తారు. అలా కొనకండి.

మొదటి రెండు రోజులు మెట్లు దిగేటప్పుడు తడబాటు, గ్లాసులోకి నీళ్ళు వంచితే పక్కన పడటం. ఇది మామూలే, రెండు కళ్ళూ కలిసి లోతు పట్టే శక్తి మోనోవిజన్‌లో తగ్గుతుంది. ఈ తడబాటు పది రోజుల్లో చాలావరకు పోయింది. ఫోన్, మానిటర్ ఇబ్బంది లేదు. రాత్రి రోడ్డు మాత్రం సర్దుకోలేదు. "సార్, ఎదురొచ్చే బండి లైటు పక్కనే ఇంకో పెద్ద మసక ముద్ద కనిపిస్తోంది, టోల్ దగ్గర ముందున్న కారు ఎంత దూరంలో ఉందో తేలట్లేదు" అన్నారు. ఎడమ కన్ను మూయమన్నాను, ముద్ద మాయమైంది. అంటే దోషం లెన్స్‌ది కాదు, దగ్గరకి పెట్టిన కన్ను చీకట్లో దూరాన్ని చూస్తోంది, అంతే.

లోతు అంచనా తేలిగ్గా తీసుకోదగ్గ విషయం కాదు. 1996 అక్టోబర్‌లో న్యూయార్క్ లాగార్డియాలో డెల్టా విమానం ఒకటి రన్‌వేకి చేరకముందే దిగువన లైట్ల వరుసకి తగిలి దెబ్బతింది. కెప్టెన్ మోనోవిజన్ లెన్సులు పెట్టుకోవడం వల్ల విమానం ఎక్కడుందో తప్పుగా అంచనా వేశారని దర్యాప్తు తేల్చింది. కారు విమానం కాదు నిజమే, కానీ వానలో, చీకట్లో రోజూ నడిపేవాళ్ళకి నేను మోనోవిజన్‌ని మొదట చెప్పను. అప్పటికే అలవాటైనవాళ్ళకి ఒక ఉపాయం ఉంది, లెన్సుల మీద పెట్టుకోవడానికి దగ్గర కంటి వైపు మాత్రమే మైనస్ పవర్ ఉన్న డ్రైవింగ్ కళ్ళజోడు. ఆవిడకైతే ఎడమ వైపు మైనస్ 1.75, కుడి వైపు జీరో. రోజూ జోడు తగిలించుకోవడం ఆవిడకి నచ్చలేదు.

ఒకరోజు పాత కళ్ళజోడుతో గడిపించి మల్టీఫోకల్ ఇచ్చాను, రెండు కళ్ళకీ వాటి దూరం పవరే, దగ్గర భాగం బలం మీడియం. పెట్టాక పావుగంట ఆగి చూశాను, వెంటనే చూస్తే ఏమీ తెలియదు. మొదటి రోజు ఎక్సెల్‌లో 3, 8 తేడా తెలియక టెన్షన్ పడ్డారు, అంకెలకి నీడలు. అయిదో రోజుకి అది తగ్గిందన్నారు. లైట్ల చుట్టూ వలయాలు మాత్రం ఉన్నాయి, కానీ దూరం అంచనా మళ్ళీ వచ్చింది. ఇంకో ఫిర్యాదు: మిట్టమధ్యాహ్నం ఎండలో సైన్‌బోర్డులు కాస్త పాలిపోయినట్టు ఉంటున్నాయట. ఎండకి కంటిపాప చిన్నదైపోతే వెలుతురంతా మధ్యలోని దగ్గర పవర్‌లోంచే వస్తుంది మరి. నల్లద్దాలు పెట్టుకుంటే పాప కాస్త విచ్చుకుని సర్దుకుంది. మసక వెలుతురు హోటల్లో దీనికి తిరగబడుతుంది, పాప పెద్దదై మెనూ కార్డు కనపడదు, ఫోన్ లైటు వేసుకోవాల్సిందే.

మందు స్ట్రిప్ మీద తేదీ మాత్రం చదవలేకపోయారు. దగ్గర భాగాన్ని రెండు కళ్ళకీ హై చేస్తే రాత్రి వలయాలు ఇంకా పెరుగుతాయి, అందుకని ఎడమ కంటి దూరం పవర్ మాత్రం మైనస్ 2.75కి తగ్గించాను, పావు పాయింటు. సరిపోయింది, దూరానికేమీ తగ్గలేదు. ఆవిడ మల్టీఫోకల్‌తోనే ఉండిపోయారు.

అమెరికాలో 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో 38 మందికి రెండు రకాలూ ఒక్కో నెల పెట్టి చూస్తే 76 శాతం మంది మల్టీఫోకల్‌నే ఎంచుకున్నారు. నలుగురిలో ఒకరు మోనోవిజన్ అన్నారు, అది కూడా తక్కువేం కాదు. నా దగ్గర మోనోవిజన్‌తో సుఖపడేవాళ్ళు ఎక్కువగా రాత్రి బండి నడపనివాళ్ళు, అక్షరం మీద నీడ అస్సలు భరించలేనివాళ్ళు, చత్వారం ఇంకా మొదట్లో ఉన్నవాళ్ళు. సిలిండర్ 0.75 దాటినవాళ్ళకి మామూలు మల్టీఫోకల్‌లో స్పష్టత రాదు, సిలిండర్‌ని సరిచేసే టోరిక్ లెన్సులతో మోనోవిజన్ తేలిక. ఒక కన్ను చిన్నప్పటి నుంచే మందంగా ఉన్నవాళ్ళకి మాత్రం మోనోవిజన్ వద్దు.

ట్రయల్‌లో ఒక్కో కన్ను మూసి పరీక్షించుకోవడం మానండి, రెండు పద్ధతులూ రెండు కళ్ళూ తెరిచి చూడటానికే. మొదటి రెండు మూడు రోజులు బండి నడపకండి, తర్వాత తెలిసిన రోడ్డు మీద పగలు మొదలుపెట్టి రాత్రికి వెళ్ళండి. రోజూ రోడ్డు, కంప్యూటర్, ఫోన్ మూడింటికీ పదికి ఎన్ని మార్కులో రాసుకోండి. మార్కులు రోజురోజుకీ పెరుగుతుంటే రెండు వారాలు ఓపిక పట్టవచ్చు, మోనోవిజన్‌కి మూడు వారాలు. వారం తర్వాత కూడా కదలకుండా అక్కడే ఉంటే పవర్ మార్చాలి. రెప్ప వేసినప్పుడల్లా చూపు బాగుపడి మళ్ళీ మసకబారుతుంటే అది డిజైన్ గొడవ కాదు, ఏసీలో కన్ను ఎండిపోతోంది, ముందు దాని సంగతి చూడాలి. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వెలుతురు భరించలేకపోయినా సర్దుకుంటుందిలే అని ఆగకండి, లెన్స్ తీసేసి అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించండి.