జాగ్రత్త: ఫ్రైట్‌ని ఇన్వాయిస్ విలువ ప్రకారం పంచే కాస్టింగ్ నమ్మి 3,200 ట్రేలు నష్టానికి అమ్మాను

చైనా నుంచి సరుకు తెప్పించుకునే పలాస, కాశీబుగ్గ, టెక్కలి, విజయనగరం వ్యాపారులందరికీ చెబుతున్నాను. కాస్టింగ్‌కి సాఫ్ట్‌వేర్ కొనబోతున్నా, ఇప్పటికే కొని వాడుతున్నా ఇది పూర్తిగా చదవండి. నాకు పోయిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. మీది పోకూడదని రాస్తున్నాను.

మాది కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలకి మెషిన్లు, విడిభాగాలు అమ్మే షాపు. లెక్కల కోసం విశాఖ నుంచి ఒక సంస్థ వాళ్లని పిలిపించి సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నాం. దిగుమతి సరుకుకి లాండెడ్ కాస్ట్, అంటే గోడౌన్‌లో దిగేసరికి ఒక్కో ముక్కకి పడిన ధర, అదే తీస్తుందన్నారు. "ఫ్రైటు, డ్యూటీ, క్లియరెన్స్ ఖర్చులు ఎంటర్ చేస్తే చాలు సార్, లైన్లకి అదే పంచేస్తుంది" అన్నారు. ఎలా పంచుతుందని నేను అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

నన్ను ముంచిన ఆర్డర్‌లో మూడు లైన్లు, అంటే మూడు రకాల సరుకు ఉంది. పీలింగ్ మెషిన్లు రెండు, విలువ 4 లక్షలు. పిక్కలు కోసే మెషిన్ల బ్లేడ్లు 4,000, ఒక్కోటి 100 చొప్పున అదీ 4 లక్షలే. గ్రేడింగ్ బల్లల మీద పప్పు పోసుకునే ప్లాస్టిక్ ట్రేలు 4,000, ఒక్కోటి 50 చొప్పున 2 లక్షలు. మొత్తం ఎఫ్ఓబీ విలువ, అంటే ఓడ ఫ్రైటు, ఇన్సూరెన్స్ కలపని ధర, 10 లక్షలు. సరుకు కంటైనర్ నిండేంత లేదు కాబట్టి ఎల్‌సీఎల్‌లో, అంటే వేరేవాళ్ల సరుకుతో కలిపి వచ్చింది. ఓడ ఫ్రైటు 60 వేలు. విశాఖలో కంటైనర్ విప్పి సరుకు విడదీసే సీఎఫ్ఎస్ గోడౌన్ చార్జీలు, డెలివరీ ఆర్డర్, ఏజెంట్ ఖర్చు, కాశీబుగ్గ దాకా లారీ కలిపి 90 వేలు. రెండూ కలిస్తే లక్షా యాభై వేలు.

సాఫ్ట్‌వేర్ ఈ లక్షా యాభై వేలని ఇన్వాయిస్ విలువ ప్రకారం పంచింది. మెషిన్లకి 60 వేలు, బ్లేడ్లకి 60 వేలు, ట్రేలకి 30 వేలు. ట్రేకి ఏడున్నర రూపాయలు, బ్లేడుకి 15 రూపాయలు పడ్డాయి. డ్యూటీ, ఇన్సూరెన్స్ కూడా అలాగే పంచి, ట్రే 63 రూపాయలకి, బ్లేడు 126 రూపాయలకి పడిందని చూపించింది. ట్రేకి 72, బ్లేడుకి 140 రేటు పెట్టాను. ఇవన్నీ జీఎస్టీ కాకుండా చెబుతున్న రేట్లు.

ట్రేలు ఆగలేదు. ఐదు వారాల్లో 3,200 పోయాయి. పాత ఖాతాదారు ఒకాయన, నాకంటే పెద్దవాడు, రెండోసారి ట్రేలకి వచ్చినప్పుడు అడిగాడు: "ఏటి బాబూ, ఇంత చవగ్గా ఎలాగ ఇస్తన్నావు? నీకేటి మిగుల్తాది?" తొమ్మిది రూపాయలు మిగులుతుందని ధీమాగా చెప్పాను. అదే మనిషి బ్లేడ్లు మాత్రం నా దగ్గర కొనలేదు. బరంపురంలో 125కి దొరుకుతున్నాయన్నాడు. నాకే 126 పడితే వాళ్లు 125కి ఎలా ఇస్తున్నారని రెండు రోజులు బుర్ర పట్టుకున్నాను. వాళ్ల సరుకు నాసిరకం అనుకున్నాను. తెప్పించి చూస్తే అదే ఫ్యాక్టరీ ముద్ర.

అనుమానం వచ్చి తమ్ముడూ నేనూ గోడౌన్‌లో టేపు పట్టుకుని కూర్చున్నాం. ట్రేల అట్టపెట్టె 62 సెంటీమీటర్ల పొడవు, 42 వెడల్పు, 48 ఎత్తు. గుణిస్తే 0.125 క్యూబిక్ మీటర్. పెట్టెకి 50 ట్రేలు, మొత్తం 80 పెట్టెలు, అంటే 10 సీబీఎం. బ్లేడ్ల పెట్టె 40, 25, 25. అవి 40 పెట్టెలు కలిపినా ఒక్క సీబీఎం. మెషిన్ల చెక్కపెట్టెలు రెండూ కలిపి 4 సీబీఎం. మొత్తం 15. ఎల్‌సీఎల్‌లో సీబీఎం, టన్ను రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద చార్జీ వేస్తారు. మా సరుకు మొత్తం బరువు మూడు టన్నులు కూడా లేదు కాబట్టి సీబీఎం మీదే వేశారు. లారీ కూడా నిండింది ట్రేలతోనే.

అంటే లక్షా యాభై వేల ఖర్చు తెచ్చిపెట్టింది విలువ కాదు, జాగా. సీబీఎంకి పదివేలు. అలా పంచితే మెషిన్లకి 40 వేలు, బ్లేడ్లకి 10 వేలు, ట్రేలకి లక్ష. ట్రేకి 25 రూపాయలు, బ్లేడుకి రెండున్నర. యాభై రూపాయల ట్రే మీద పాతిక రూపాయల రవాణా ఉంటే, సాఫ్ట్‌వేర్ నాకు ఏడున్నర చూపించింది. (ఏజెంట్ ఫీజు, డెలివరీ ఆర్డర్ ఫీజు పెట్టెల సైజుని బట్టి రావు. అవి విడిగా విలువ మీద పంచాలి. మాకు చిన్న మొత్తాలే కాబట్టి ఇక్కడ కలిపేశాను.)

డ్యూటీలో జరిగిన తప్పు వేరు. మెషిన్లకీ, మెషిన్ విడిభాగాలుగా వచ్చిన బ్లేడ్లకీ కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం, అంటే మా బిల్ ఆఫ్ ఎంట్రీలో బేసిక్ డ్యూటీ 7.5 శాతం పడింది, ట్రేలకి 15 శాతం. బేసిక్ డ్యూటీ మీద మరో పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి. ఒక్కో లైనుకి ఎంత డ్యూటీ కట్టామో బిల్ ఆఫ్ ఎంట్రీలోనే విడివిడిగా ఉంది. మూడు లైన్లకీ సమానంగా 35,145 చొప్పున వచ్చింది, ట్రేల విలువ సగమే అయినా వాటి రేటు రెట్టింపు కదా. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మొత్తం 1,05,435ని ఒకే అంకెగా ఎక్కించి విలువ మీద పంచారు. అందుకే ట్రేలకి 21 వేలే పడింది. డ్యూటీని పంచనే కూడదు, బిల్ ఆఫ్ ఎంట్రీ చూసి ఏ లైనుది ఆ లైనుకి ఎక్కించాలి.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, నేనూ మొదట పొరపడ్డాను. కస్టమ్స్ లెక్కలో డ్యూటీ వేసేది ఫ్రైటు, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద. మా బిల్లులో ఆ ఫ్రైట్‌ని ఇన్వాయిస్ విలువ ప్రకారమే లైన్లకి పంచారు. నేను ఫ్రైట్‌ని సీబీఎం మీద పంచాను కదా అని డ్యూటీ కూడా తిరగరాయబోయాను. మా ఆడిటర్ గారు ఆపారు. డ్యూటీ అనేది ఆ లైను మీద నిజంగా కట్టిన డబ్బు, దాన్ని మనం మార్చలేం. ఫ్రైటు పంపకం మన కాస్టింగ్ కోసం, ఆ రెండూ ఒకేలా ఉండాలని లేదు. ఐజీఎస్టీ మాకు క్రెడిట్ వస్తుంది కాబట్టి ధరలో కలపలేదు. జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి ఆ క్రెడిట్ రాదు, వాళ్లు కలుపుకోవాలి.

సరిచేసిన లెక్క ఇది. ట్రే: 50, రవాణా 25, డ్యూటీ 8.79, ఇన్సూరెన్స్ పావలా, మొత్తం 84 రూపాయలు. నేను అమ్మింది 72కి. ట్రేకి 12 చొప్పున 3,200 ట్రేల మీద 38,400 రూపాయలు పోయాయి. బ్లేడు: 100, రెండున్నర, 8.79, అర్ధరూపాయి, మొత్తం 112 లోపే. బరంపురం షాపువాళ్లు 125కి అమ్మి లాభపడుతుంటే నేను 140 పెట్టి కూర్చున్నాను.

ఇంతకాలం ఎవరికీ కనిపించకపోవడానికి కారణం, మొత్తం సరిగ్గా కలవడమే. ట్రేల మీద తగ్గిందంతా బ్లేడ్ల మీదా మెషిన్ల మీదా పెరిగింది. స్టాకు విలువ, బిల్లుల మొత్తం పైసాతో సహా టాలీ అయ్యాయి. టాలీ అయితే సరిపోయిందనుకోవడం నా అలవాటు, మీకూ ఉండొచ్చు. మీ దగ్గర ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. జాగా ఎక్కువ తిని విలువ తక్కువున్న సరుకు అనుకున్నదానికంటే వేగంగా పోతూ, చిన్నగా ఉండి ఖరీదైన సరుకు కదలకుండా ఉంటే, అర్జెంటుగా పెట్టెలు కొలవండి.

ఆ సంస్థకి ఫోన్ చేస్తే "అందరికీ ఇలాగే పెడతాం సార్, సైజు మీద పంచే ఆప్షన్ కూడా ఉంది" అన్నారు. నిజమే, ఉంది. నొక్కి చూస్తే మూడు లైన్లకీ సున్నా వచ్చింది. సరుకుల వివరాలు ఉండే ఐటెం మాస్టర్‌లో ఏ సరుకుకీ సైజు ఎక్కించలేదు. పెట్టేటప్పుడు ఆ గడులు ఖాళీగా వదిలేశారు, మాకు చెప్పనూలేదు. ఆ డేటా ఎక్కించడానికి మళ్లీ విడిగా డబ్బు అడిగారు. మేం ఇవ్వలేదు, తమ్ముడు రెండు రాత్రులు కూర్చుని పూర్తి చేశాడు.

మీరు డెమో చూసేటప్పుడు మాటలు వినకండి, రెండు లైన్ల ఆర్డర్ ఒకటి మీ ముందే ఎక్కించమనండి. రెండిటి విలువా లక్ష చొప్పున పెట్టండి. ఒకటి 9 సీబీఎం, ఇంకోటి 1 సీబీఎం. ఫ్రైటు పదివేలు వేయమనండి. తొమ్మిదివేలు, వెయ్యిగా విడిపోవాలి. ఐదు, ఐదు వస్తే అది విలువ మీద పంచుతున్నట్టు. ఆ తర్వాత డ్యూటీని ఒక్కో లైనుకి విడిగా ఎక్కించడానికి చోటు ఉందా అని అడగండి. ప్యాకింగ్ లిస్టులో లైనువారీగా పెట్టెల కొలతలు, సీబీఎం ఇవ్వమని సప్లయర్‌కి ముందే రాయండి. మాకు వచ్చినదాంట్లో "మొత్తం 15 సీబీఎం" అని ఒక్క ముక్కే ఉంది.

నెల తర్వాత ఏజెంట్ నుంచి ఇంకో 18 వేల బిల్లు వచ్చింది, కాగితాల్లో తప్పు వల్ల సీఎఫ్ఎస్‌లో సరుకు ఎక్కువ రోజులు ఉన్నందుకు. మా కుర్రాడు దాన్ని మిగిలిన స్టాకు మీదే వేయబోయాడు. అప్పటికి ట్రేలు 800 మాత్రమే ఉన్నాయి, వాటి ధర ఒక్కసారిగా ఎగిరిపోయేది. ఆలస్యం వల్ల పడిన అద్దె సరుకు ధరలో కలవదు, ఖర్చుల్లో రాయించాం. మామూలు ఫ్రైటు బిల్లే ఆలస్యంగా వచ్చి ఉంటే, అమ్ముడైన సరుకు వాటా అమ్మకం ఖర్చులోకి, ఉన్నదాని వాటా స్టాకులోకి వెళ్లాలి.

ఇప్పుడు మిగిలిన 800 ట్రేలకి 92 పెట్టాం, నెమ్మదిగా పోతున్నాయి. బ్లేడ్లు 122కి దించాం. ఆ పెద్దాయన మొన్న 500 పట్టుకెళ్లాడు.