వెర్షన్ ముందు ^ పెట్టాలా, ~ పెట్టాలా, ఏదీ వద్దా?

మాదాపూర్‌లో మా టీమ్‌లోకి కొత్తగా ఎవరు వచ్చినా, మొదటి కోడ్ రివ్యూలో `package.json` దగ్గర ఈ చర్చ వచ్చి తీరుతుంది. మొన్న ఒక కుర్రాడు అన్నాడు: "ప్యాచే కదా అన్నా, దానికెందుకు టెన్షన్?"

అతని మాటకు ఆధారం లేకపోలేదు. 3.3.4 అనే వెర్షన్‌లో మొదటిది మేజర్, రెండోది మైనర్, మూడోది ప్యాచ్. ప్యాచ్ పెరిగితే తప్పు సరిదిద్దారు, అంతే. మైనర్ పెరిగితే కొత్త సదుపాయం వచ్చింది, పాత కోడ్ మాత్రం అలాగే నడవాలి. మేజర్ పెరిగిందంటే పాత కోడ్ ఆగిపోవచ్చు, చూసుకుని మారండి అని చెప్పినట్టు. ఎన్‌పీఎంలో వెర్షన్ ముందు పెట్టే గుర్తు, ఈ మాటను మనం ఎంతవరకు నమ్ముతామో చెబుతుంది.

```
"event-stream": "^3.3.4"
"event-stream": "~3.3.4"
"event-stream": "3.3.4"
```

మొదటి వరుసకు 4.0.0 కంటే తక్కువున్న కొత్త వెర్షన్లన్నీ సమ్మతమే. రెండోది 3.4.0 దాకా వెళ్లదు, ప్యాచ్‌లు మాత్రమే తీసుకుంటుంది. మూడోది ఉన్నచోటు నుంచి కదలదు. `npm install` తనంతట తాను రాసేది మొదటి పద్ధతిలోనే.

ఈ ప్యాకేజీని ఊరికే ఎంచుకోలేదు. 2018లో దీని పాత నిర్వాహకుడు, సాయం చేస్తానని వచ్చిన ఒక అపరిచితుడికి పగ్గాలు అప్పగించాడు. సెప్టెంబరులో 3.3.6 వచ్చింది. నంబరు చూస్తే ప్యాచ్. లోపల మాత్రం `flatmap-stream` అనే కొత్త ప్యాకేజీ చేరింది. అప్పటికి అందులో చెడు ఏమీ లేదు. కొద్ది రోజులకే ఆ ప్యాకేజీని తీసేసి, 4.0.0 అని మేజర్ వదిలారు. అక్టోబరులో `flatmap-stream` 0.1.1 వచ్చింది, అది కూడా ప్యాచే. కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ నుంచి సొమ్ము కాజేసే కోడ్ అందులో ఉంది. 3.3.6 తెచ్చుకునేవాళ్లకు దానితోపాటే ఇదీ చేరేది. అంటే భయపెట్టే మేజర్ శుభ్రంగా ఉంది, నమ్మకంగా కనిపించే ప్యాచ్‌లో విషం ఉంది!

పై మూడు వరుసల్లో ఎవరు తప్పించుకున్నట్టు? ^, ~ రెండూ 3.3.6ను లోపలికి రానిస్తాయి. ~ జాగ్రత్తపరుడి గుర్తు అని చాలామంది అనుకుంటారు గానీ, ఇక్కడ దానివల్ల ఒరిగిందేమీ లేదు. గుర్తు లేకుండా 3.3.4 అని రాసినవాళ్లే బయటపడ్డారు. అదీ సగమే. నోడ్‌మాన్ లాంటి పనిముట్లు ఇదే ప్యాకేజీని తమ లోపలి ప్యాకేజీల ద్వారా తెచ్చుకునేవి. మన ఫైల్లో ఎంత గట్టిగా బిగించినా, ఆ లోపలి ప్యాకేజీలు రాసుకున్న గుర్తుల మీద మన అదుపు ఉండదు. చివరికి ఇది బయటపడింది కూడా నోడ్‌మాన్ నడిపినప్పుడు కనిపించిన ఒక హెచ్చరిక వల్లే. దొంగ కోడ్ వాడిన `crypto.createDecipher` పాతబడిపోయిందని నోడ్ చెప్పింది. సంబంధం లేని చోట అలాంటి హెచ్చరిక కనిపిస్తే వదిలేయకూడదు.

అయితే అన్నీ బిగించేద్దామా? దానికీ ఖరీదుంది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లోపం బయటపడినప్పుడు మొదటి దిద్దుబాటు 2.15.0గా, అంటే మైనర్‌గా వచ్చింది. అది జావా ప్రపంచం సంగతే అయినా లెక్క ఒకటే: 2.14 దగ్గర ప్యాచ్‌ల కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నవాడికి ఆ దిద్దుబాటు దానంతట అది చేరదు.

నన్నడిగితే, అప్లికేషన్‌కు ^ ఉంచి, `package-lock.json`ను గిట్‌లో పెట్టి, బిల్డ్ సర్వర్‌లో `npm install` బదులు `npm ci` నడపడమే మేలు. లాక్ ఫైల్ లోపలి ప్యాకేజీల వెర్షన్లనూ పట్టి ఉంచుతుంది. `npm ci` దాన్నే అక్షరాలా పాటిస్తుంది, రెండు ఫైళ్లకూ పొంతన కుదరకపోతే ఆగిపోతుంది. కొత్త ప్యాచ్ శుక్రవారం సాయంత్రం డిప్లాయ్‌లో చెప్పకుండా దూరదు, మనం లాక్ మార్చిన రోజే వస్తుంది. ఆ రోజు లాక్ ఫైల్ తేడాల్లో నేను ముందు వెతికేది పెరిగిన నంబర్లను కాదు, కొత్తగా చేరిన పేర్లను. ప్యాచ్‌తోపాటు ఎన్నడూ వినని ప్యాకేజీ వస్తే, ఎందుకొచ్చిందో తెలిసేదాకా మెర్జ్ చేయను. డబ్బు లెక్కలు, పాస్‌వర్డులు తాకే ఒకటి రెండు ప్యాకేజీలకు మాత్రం గుర్తు తీసేసి నేరుగా నంబరే రాస్తాను.

0.1.0 లాంటి వెర్షన్ల దగ్గర ^, ~ల మధ్య వాదనే అక్కర్లేదు. `^0.1.0` అన్నా `~0.1.0` అన్నా ఎన్‌పీఎంకు ఒకటే, రెండూ 0.2.0 ముందు ఆగుతాయి. సున్నాతో మొదలయ్యే దశలో ఎప్పుడు ఏదైనా మారొచ్చని వెర్షన్ నంబర్ల నియమమే ఒప్పుకుంటుంది.