పంపేసిన బిల్లుల నంబర్లు రాత్రికి రాత్రే మార్చేశారు, ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త

పేరు రాయను. మీలో చాలామంది వాడుతున్నదే, "మల్టీ బ్రాంచ్ రెడీ" అని ఊదరగొడతారే, అదే. మాకు మూడు బ్రాంచీలు. డెమోలో A/0001, B/0001, C/0001 అని మూడు వరుసలు చూపిస్తే తల ఊపి డబ్బు కట్టేశాను. ఏడాది మారితే ఏమవుతుందని ఒక్క ముక్క అడగలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి రోజున బిల్లు నంబర్ల కౌంటర్ మళ్లీ ఒకటికి వచ్చింది. రావాల్సిందే. కానీ నంబరులో సంవత్సరం ఎక్కడా లేదు. అంటే పోయినేడు ఒక B/0012, ఈ ఏడు ఇంకో B/0012. పాత 0012 మీద కొంత బాకీ మిగిలి ఉంది. కొత్త 0012కి కస్టమర్ కట్టిన డబ్బు వెళ్లి ఆ పాత బిల్లు మీద కూర్చుంది. కట్టినాయనకు బాకీ ఉన్నట్టు, కట్టనాయనకు తీరిపోయినట్టు లెడ్జర్. భలే న్యాయం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఏడాది చివరి రోజు సరుకు వెళ్లింది, బిల్లు మాత్రం మర్నాడు ఎంటర్ చేశారు. తేదీ సరిగ్గా పాతదే వేశారు. సాఫ్ట్‌వేర్ బిల్లు తేదీ చూడదట, కంప్యూటర్ గడియారం చూస్తుందట! దానికి B/0004 ఇచ్చింది. పాత ఏడాది బిల్లు కొత్త వరుసలో దూరింది.

ఫోన్ చేస్తే "చిన్న ప్యాచ్ సార్, రేపటికల్లా సెట్ చేస్తాం" అన్నారు. నమ్మాను. పొద్దున చూస్తే నంబర్లన్నీ B/2526/0001 పద్ధతిలోకి మారాయి. ఆహా అనుకున్నా. పదింటికి ఒక కస్టమర్ ఫోన్. "నా దగ్గరున్న కాగితం మీద 0017 ఉంది. మీరు పంపిన స్టేట్‌మెంట్‌లో అదే మొత్తానికి 0016 అని ఉంది. 0017 ఎవరిదండీ?"

అప్పటికి B బ్రాంచిలో 0023 దాకా వెళ్లాం. వాళ్లు చేసిందేమిటంటే, ఆ 0004ను పాత ఏడాదిలోకి పంపి 0842 ఇచ్చారు (అక్కడ చివరిది 0841), ఖాళీ కనబడకూడదని 0005 నుంచి ప్రతి బిల్లునూ ఒకటి వెనక్కి జరిపారు. పందొమ్మిది బిల్లులు. అన్నీ కస్టమర్ల చేతికి వెళ్లిపోయినవే! నన్నొక్క మాట అడగలేదు. పాత నంబరు ఎక్కడా దాచలేదు. అడిగితే వాళ్ల మనిషి ఏమన్నాడో తెలుసా? "వరుస ఇప్పుడు క్లీన్‌గా ఉంది కదా సార్, ఇంకేం ప్రాబ్లం?"

క్లీనట! బిల్లు గడప దాటాక దాని నంబరు మీదీ కాదు, నాదీ కాదు, కస్టమర్ చేతిలోని కాగితానిది. తప్పుపడితే ఆ 0004ను రద్దు అని గుర్తు పెట్టి అక్కడే ఉంచాలి, సరైన బిల్లు పాత వరుసలో 0842గా కొత్తగా రాయాలి, మిగతావాటి జోలికి వెళ్లకూడదు. రద్దయిన నంబరు వరుసలో కనబడుతుంది, లెక్క చూసేవాళ్లకు సమాధానం ఉంటుంది. జరిపిన నంబరుకు సమాధానమే ఉండదు.

మా తమ్ముడు ప్రోగ్రామింగ్ చేస్తాడు. వాడికి చూపిస్తే నవ్వాడు. బ్రాంచికి, సంవత్సరానికి కలిపి ఒక్కో కౌంటర్ పెట్టుకుంటే చాలన్నాడు:

```
UPDATE counters SET last_no = last_no + 1
WHERE branch = 'B' AND fy = '2526'
RETURNING last_no;
```

ఆ `fy` బిల్లు తేదీ నుంచి రావాలి. అప్పుడు కొత్త ఏడాది మొదలైనా పాత ఏడాది కౌంటర్ బతికే ఉంటుంది, మీరు మూసేదాకా ఆలస్యపు బిల్లులు అందులోకే వెళ్తాయి. ఇది బిల్లు సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే జరగాలట. సేవ్ మధ్యలో ఆగిపోతే నంబరు కూడా వెనక్కి వస్తుంది, ఖాళీ పడదు. ఒకే బ్రాంచిలో ఇద్దరు ఒకేసారి నొక్కితే రెండోవాళ్లు ఓ క్షణం ఆగుతారు, అంతే. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లేమో ఉన్నవాటిలో పెద్ద నంబరు వెతికి ఒకటి కలుపుతున్నారట. ఇద్దరూ ఒకేసారి వెతికితే ఇద్దరికీ ఒకే నంబరు. చివరి బిల్లు డిలీట్ చేస్తే అదే నంబరు ఇంకొకరికి. బ్రాంచి, సంవత్సరం, నంబరు మూడూ కలిపి రెండోసారి రాకుండా డేటాబేస్‌లోనే యూనిక్ అని కట్టేసి ఉంటే, కనీసం ఒకేసారి రెండు బిల్లులకు ఒకే నంబరు పడేది కాదు.

కొనబోయేవాళ్లు డెమోలో కంప్యూటర్ తేదీ కొత్త ఏడాదికి మార్చి, పాత ఏడాది తేదీతో ఒక బిల్లు కొట్టి చూడండి. రెండు మెషీన్లలో ఒకేసారి సేవ్ నొక్కించండి. చివరి బిల్లు డిలీట్ చేయనిస్తుందేమో కూడా చూడండి, చేయనిస్తే లేచి వచ్చేయండి.

నేను ఇప్పుడు పందొమ్మిది మందికీ ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నా. ఏడుగురు అయ్యారు.