ఏడాదిన్నర లాగ్‌ప్రాబ్‌లు వాడాక: బాట్ తటపటాయింపు తెలుస్తుంది, తప్పు తెలియదు

నేను పనిచేసేది విజయవాడలో ఇంటి సామాన్లు రిపేరు చేసే సర్వీస్ సెంటర్‌లో. మిక్సీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు. కస్టమర్లు వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు. దాన్ని చాట్‌బాట్ చదివి ఐదు రకాల్లో ఒకదాని కింద వేస్తుంది: రిపేరు బుకింగ్, బుకింగ్ రద్దు, డబ్బు వాపసు, విడిభాగాల ధర, ఇవేవీ కానిది. ఆ తర్వాత పని దానంతట అది జరిగిపోతుంది. రద్దు అని తేలితే స్లాట్ రద్దయిపోతుంది, మధ్యలో మనిషి చూడడు.

కాబట్టి బాట్ ఎప్పుడు గట్టిగా చెబుతోంది, ఎప్పుడు ఊగిసలాడుతోంది అన్నది మాకు తెలియాలి. "నీకు ఎంత నమ్మకం ఉంది, వందకి చెప్పు" అని బాట్‌నే అడిగి చూశాం. దేనికైనా 90, 95 అనే రాసేది. అప్పుడు లాగ్‌ప్రాబ్‌ల వైపు వచ్చాం. ఏడాదిన్నరగా వాడుతున్నాం. వాటి మీద నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది.

మోడల్ జవాబును ఒక్కో ముక్కగా రాస్తుంది. ఆ ముక్కే టోకెన్. ప్రతి టోకెన్ రాసే ముందు, రాయదగిన ముక్కలన్నిటికీ ఎంతెంత అవకాశం ఉందో లెక్క వేసుకుంటుంది. ఆ అవకాశానికి సహజ లాగరిథం తీస్తే వచ్చేదే లాగ్‌ప్రాబ్. సున్నా అంటే నూటికి నూరు. -0.05 అంటే 95 శాతం దగ్గర, -0.69 అంటే సగం, -2.3 అంటే పదోవంతు. మేం ఆ ఐదు రకాల లేబుళ్ళకి పైన చెప్పిన వరసలోనే A నుంచి E దాకా అక్షరాలు పెట్టి, ఒక్క అక్షరమే రాయమని అడుగుతాం:

```python
r = client.chat.completions.create(
    model=MODEL, messages=msgs,
    max_tokens=1, temperature=0,
    logprobs=True, top_logprobs=10)
for t in r.choices[0].logprobs.content[0].top_logprobs:
    print(repr(t.token), t.logprob)
```

ఒంటి అక్షరాలు ఎందుకంటే, మొదట్లో మేం లేబుళ్ళు తెలుగులోనే పెట్టి దెబ్బతిన్నాం. రద్దు, రీఫండ్, రిపేరు. కంప్యూటర్ లోపల "రీ" అంటే "ర" తర్వాత గుడిదీర్ఘం, రెండు వేర్వేరు సంకేతాలు. అందుకని మా మోడల్ ఈ మూడు మాటల్నీ "ర" అనే ఒకే టోకెన్‌తో మొదలుపెట్టేది. మేం మొదటి టోకెన్ లాగ్‌ప్రాబ్ చూసి 99 శాతం అని సంబరపడ్డాం. ఆ 99 మూడు లేబుళ్ళూ కలిపి పంచుకున్నది. మోడల్ ఎటు మొగ్గుతోందో తేలేది రెండో ముక్కలో, అది మేం చూడనే లేదు. తెలుగులో లేబుళ్ళు పెట్టుకునేవాళ్ళు ముందుగా చూసుకోవాల్సింది ఇదే. అక్షరాలు పెట్టాక కూడా `'B'`, ముందు ఖాళీ ఉన్న `' B'` రెండూ వేర్వేరు టోకెన్లుగా వస్తుంటాయి. ఒకే లేబుల్‌కి చెందిన అవకాశాలను కలిపి లెక్క వేయాలి.

ఇది బాగా పనిచేసే చోటు చెబుతాను. మాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువభాగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ఒకాయన ఫ్రిజ్ చల్లబడటం లేదు, డబ్బులన్నా తిరిగి ఇవ్వండి లేదా మళ్ళీ వచ్చి బాగు చేయండి అని రాశారు. బాట్ C అంది, అంటే డబ్బు వాపసు. కానీ C లాగ్‌ప్రాబ్ -0.62, A లాగ్‌ప్రాబ్ -0.80. శాతాల్లో 54, 45. నిజంగానే ఆ మెసేజ్‌లో రెండు కోరికలున్నాయి. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఇంత తక్కువైతే మా సిస్టమ్ ఆ మెసేజ్‌ని మనిషికి పంపుతుంది. మా సెంటర్‌లో చాలా ఏళ్ళుగా ఫోన్లు ఎత్తుతున్న అక్క వాటిని చూస్తుంది. ఆయనకి ఫోన్ చేసి, ఏది కావాలో కనుక్కుని, మర్నాడే మెకానిక్‌ని పంపింది. ఇలాంటి మెసేజ్‌లను ఏరిపెట్టడంలో లాగ్‌ప్రాబ్‌ని మించింది నాకు కనబడలేదు. అదనపు ఖర్చు దాదాపు లేదు, ఆలస్యం లేదు, జవాబుతో పాటే అంకె వచ్చేస్తుంది.

ఇక ఇబ్బంది సంగతి. ఒకావిడ ఫ్రిజ్ రిపేరుకి బుక్ చేసుకుని, ఆ రోజు ఊళ్ళో ఉండనని ఇలా రాశారు:

```
booking cancel cheyakandi, repu randi
```

రద్దు చేయకండి, రేపు రండి అని. మోడల్ ఇచ్చింది ఇదీ:

```
'B'  -0.03
'A'  -3.9
'E'  -5.1
```

B అంటే రద్దు, 97 శాతం నమ్మకంతో. స్లాట్ రద్దయింది. ఆవిడ మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదురుచూశారు. ఫ్రిజ్‌లో ఉన్న పాలు, కూరలు పాడయ్యాయి. రాత్రి ఫోన్ చేసినప్పుడు అక్క మెసేజ్ తెరిచి నాకు చూపించి, "ఆవిడ చేయకండి అంది కద తమ్ముడూ, చేయండి అనలేదు" అంది. నాకు నోట మాట రాలేదు. లాగ్‌లో అంకె అంత ఘనంగా కనబడుతోంది మరి.

ఇది ఎందుకు జరిగిందో తర్వాత కూర్చుని చూశాను. తెలుగులో "చేయండి"కీ "చేయకండి"కీ మధ్య ఉన్నది ఒక్క "క". ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసరికి ఆ `ka` పెద్ద ముక్కల మధ్య చిన్న తునకగా మిగిలింది. `booking cancel` అన్న మాటలు మాత్రం మోడల్‌కి బాగా తెలిసినవి, రద్దు వైపు గట్టిగా లాగేవి. మోడల్‌కి ఇక్కడ సందేహమే రాలేదు. సందేహం రానిచోట లాగ్‌ప్రాబ్‌లో కనబడేదీ ఏమీ ఉండదు. ఈ అంకె చెప్పేది, ఇచ్చిన లేబుళ్ళలో ఏది రాయాలో మోడల్ ఎంత ఊగిందన్నది మాత్రమే. మెసేజ్‌ని సరిగ్గా అర్థం చేసుకుందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఈ అంకెలో లేదు.

ఆ సంఘటన తర్వాతే నేను మొదట చేయాల్సిన పని చేశాను. పాత మెసేజ్‌లు కొన్ని తీసి, బాట్ ఏమందో చూపించకుండా అక్క చేత లేబుళ్ళు పెట్టించాను. తర్వాత బాట్ నమ్మకాన్ని బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపులో ఎన్ని సరిపోయాయో లెక్కపెట్టాను. 90కీ 99కీ మధ్య నమ్మకం చూపిన గుంపులో 60 మెసేజ్‌లుంటే, అక్కతో కలిసినవి 47. అంటే 78 శాతం. బాట్ చెప్పుకునేది సగటున 95 చుట్టూ. 99 దాటిన గుంపు మాత్రం చాలా వరకు నమ్మదగ్గదిగానే తేలింది. మేం అంతకుముందు 90 దగ్గర గీత గీసి, పైవన్నీ మనిషి చూడకుండా వదిలేస్తున్నాం. ఆ 90 ఎక్కడి నుంచి వచ్చిందంటే, చూడ్డానికి బాగుందని నేనే పెట్టాను. ఈ లెక్క చూశాక 99కి జరిపాం. అక్కకి పని పెరిగింది, కానీ తప్పులు తగ్గాయి.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 2023 మార్చిలో వచ్చిన జీపీటీ-4 సాంకేతిక నివేదికలో దీని మీద ఒక బొమ్మ ఉంది. మొదటి శిక్షణ అయ్యాక మోడల్ చెప్పే అవకాశాలు దాని అసలు కచ్చితత్వంతో బాగా కలిశాయి. మనుషుల ఇష్టాలకి తగ్గట్టు తర్వాతి శిక్షణ ఇచ్చాక ఆ పొందిక బాగా చెడింది. మనం వాడే చాట్ మోడళ్ళన్నీ ఈ రెండో దశ దాటినవే. కాబట్టి వచ్చిన శాతాన్ని ఉన్నదున్నట్టుగా నమ్మకుండా, మన మెసేజ్‌ల మీద కొలుచుకోవాలి. మోడల్ వెర్షన్ మారితే మళ్ళీ కొలవాలి. ఒకసారి వెర్షన్ మారిన వారంలోనే అక్కకి వచ్చే మెసేజ్‌లు సగానికి పడిపోయాయి. బాట్ మెరుగైందనుకున్నాం. కొలిచి చూస్తే తప్పులు అన్నే ఉన్నాయి, అంకెలు మాత్రం పైకి జరిగాయి.

ఇంకొకటి, దీనికి నేను చాలా సమయం పోగొట్టుకున్నాను. కష్టమైన మెసేజ్‌లలో తప్పులు తగ్గుతాయని, ముందు ఒక వాక్యంలో కారణం రాసి తర్వాత అక్షరం రాయమని బాట్‌ని అడిగాం. తప్పులు కొంచెం తగ్గిన మాట నిజమే. కానీ అక్షరం లాగ్‌ప్రాబ్‌లు అన్నీ సున్నాకి అంటుకుపోయాయి, ఏ మెసేజ్ చూసినా 99.9. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. "కస్టమర్ బుకింగ్ రద్దు కోరుతున్నారు" అని రాసేశాక, దాని కింద B కాక మరేం రాస్తుంది? ఊగిసలాట అంతా కారణం రాసేటప్పుడే అయిపోయింది. చివరి అక్షరం అప్పటికే తేలిన నిర్ణయాన్ని ఎత్తి రాసింది, అంతే. ముందు లోపల ఆలోచించుకుని జవాబిచ్చే మోడళ్ళతోనూ ఇదే చిక్కు. వాటిలో చాలావాటికి లాగ్‌ప్రాబ్‌లు బయటికి ఇవ్వరు కూడా. కారణం రాయించడం మీకు ముఖ్యమైతే, జవాబు ప్రతిసారీ కొంత మారే వీలుండేలా `temperature` పెంచి అదే మెసేజ్‌ని ఐదారుసార్లు అడిగి, ఎన్నిసార్లు ఒకే జవాబు వచ్చిందో లెక్కపెట్టుకోవడం మేలు. ఖర్చు అన్ని రెట్లవుతుంది. మేం డబ్బు వాపసు మెసేజ్‌లకి మాత్రమే అలా చేస్తున్నాం.

లేబుళ్ళ వరసని తిప్పి రెండోసారి అడగడం కూడా చేసి చూశాం. A దగ్గరున్నదాన్ని B దగ్గర పెడితే, ఊగిసలాడే మెసేజ్‌లలో కొన్నింటికి జవాబే మారిపోయేది. ఆ తేడా పట్టుకోవడానికి ఈ పద్ధతి పనికొచ్చింది. `cheyakandi` మెసేజ్‌ మీద మాత్రం ఏ ప్రభావమూ లేదు. వరస ఎలా తిప్పినా రద్దే అంది.

అలాంటివాటిని పట్టుకున్నది వేరే పని. బాట్ గట్టి నమ్మకంతో తేల్చిన మెసేజ్‌లలోంచి రోజూ 20, ఏ లెక్కా లేకుండా ఏరి అక్కకి చూపిస్తున్నాం. ధైర్యంగా చేసే తప్పులు బయటపడేది అక్కడే. అలా దొరికినవాటితో `cheyakandi`, `cheyyoddu`, `cancel vaddu` లాంటి రూపాలు ప్రాంప్ట్‌లో ఉదాహరణలుగా పెట్టాం. ఆ తర్వాత పాత మెసేజ్‌ని మళ్ళీ పంపితే A వచ్చింది. ఇవి కాక, మెసేజ్‌లో రద్దు మాటతో పాటు ఈ వ్యతిరేక రూపాల్లో ఏదైనా కనబడితే, లాగ్‌ప్రాబ్ ఎంతున్నా సరే స్లాట్ ముట్టుకోకుండా మనిషికి పంపే చిన్న నియమం ఒకటి రాశాను. పోయిన నెల అక్క ఆ జాబితాలో `cheyaku` అని ఇంకొకటి చేర్చింది. ఒక పెద్దాయన మెకానిక్ కుర్రాడికి రాయబోయి మా నంబరుకి పంపిన మెసేజ్‌లో దొరికిందట.