మారియో మొదటి ఐదు లెవెల్స్: అసలు పరీక్ష 1-3లోనే ఉంది

సూపర్ మారియో బ్రదర్స్ గురించి కొత్తగా చెప్పేదేముంది అంటారేమో గానీ, 1985 నాటి ఈ ఆటను ప్రొద్దుటూరులో టీవీకి తగిలించే చవక వీడియో గేమ్ సెట్ మీద మొదలుపెట్టి ఈ రోజుకీ ఆడుతున్న నాకు, మొదటి ఐదు లెవెల్స్‌లో కష్టం ఎక్కడ ఎలా పెరుగుతుందో ఎవరూ సరిగ్గా చెప్పినట్టు అనిపించలేదు. శత్రువులు ఎక్కువయ్యే కొద్దీ ఆట కష్టమవుతుందని అందరూ అనుకుంటారు. నా లెక్కలో అది రెండో కారణం. మొదటి కారణం కాలి కింద నేల.

1-1 చూడండి, అంటే మొదటి ప్రపంచంలో మొదటి లెవెల్. నేల దాదాపు మొత్తం పరిచి ఉంటుంది, గోతులు తక్కువ. మొదట కుడివైపు నుంచి గూంబా అనే చిన్న శత్రువు నడుచుకుంటూ వస్తుంది, తగిలితే చస్తావు, కానీ ఆటలో అప్పటికి గడిచింది కొన్ని సెకన్లే కాబట్టి పోయేది ఏమీ లేదు. దాన్ని దాటగానే తలమీద ప్రశ్న గుర్తు పెట్టె కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారి కింద పడి, పైపుకు కొట్టుకుని మన వైపే తిరిగొస్తుంది. పైన ఇటుకలు అడ్డు కాబట్టి భయపడి ఎగిరినా తల తగిలి మళ్ళీ దాని మీదే పడతావు. అది తగలగానే మారియో పెద్దవాడై ఒక దెబ్బ తట్టుకోగలుగుతాడు, చదవడానికి ఏమీ లేకుండానే అది మంచిదని తెలిసిపోతుంది. ఇక లెవెల్ చివర్లో రెండు వైపులా మెట్లు, మధ్యలో నేల. ఆ వెంటనే అలాంటి మెట్లే మళ్ళీ, ఈసారి మధ్యలో గొయ్యి. ఒకే దూకుడు, మొదటిసారి తప్పినా ఏం కాదు, రెండోసారి తప్పితే ప్రాణం పోతుంది. ఈ ఒక్క చోటు చూపించి ఎవరికైనా లెవెల్ డిజైన్ పాఠం చెప్పొచ్చు.

1-2 భూగర్భం. ఇక్కడ పైకప్పు వస్తుంది కాబట్టి ఎత్తుకు ఎగరడం కుదరదు, 1-1లో ఖాళీగా ఉన్న పైపుల్లోంచి ఇప్పుడు కొరికే మొక్కలు లేస్తాయి, చివర్లో పైకీ కిందికీ కదిలే లిఫ్టులు ఉంటాయి. ఇవన్నీ కొత్తవే అయినా లెవెల్‌లో ఎక్కువ భాగం నేల గట్టిగానే ఉంటుంది కాబట్టి టెన్షన్ పెద్దగా పెరగదు. అయితే ఇక్కడే వేగం చెడగొట్టే పని ఒకటి ఉంది. పైకప్పు ఇటుకల మీదికెక్కి చివరిదాకా నడిస్తే 2, 3, 4 ప్రపంచాలకు దారి చూపే పైపులు దొరుకుతాయి. మా వీధిలో పిల్లలందరికీ ఈ రహస్యం తెలుసు, అందరూ నేరుగా 4కే పోయేవాళ్ళు, 4-1లో మబ్బు మీద కూర్చుని ముళ్ళవాటిని విసిరేవాడు కనపడగానే ఆట ముగిసేది. 1-3, 1-4 ఆడకుండా పోతే అక్కడ నిలబడటానికి కావలసిన చేతి వాటం రాదు. రెండో లెవెల్‌లోనే ఈ దారి పెట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు, బాగా ఆడేవాళ్ళకు మాత్రం అది వరం.

ఇప్పుడు 1-3. దీన్నే నేను అసలు పరీక్ష అంటాను. మా అక్క కొడుకు మొదటిసారి ఇక్కడికొచ్చి, "మామా, ఈడ నేల యాడుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. చెట్ల కొమ్మల్లాంటి పలకలు, వాటి మధ్య ఖాళీ, కదిలే లిఫ్టులు, అంతే. శత్రువులు 1-2 కంటే ఎక్కువేం కాదు. కానీ 1-2లో గూంబాను తప్పించుకోబోయి వెనక్కి దూకితే నేలమీదే పడేవాడివి, ఇక్కడ అదే తప్పుకు లోయలో పడతావు. పైగా ఎర్ర తాబేళ్ళు వస్తాయి. ముందరి లెవెల్స్‌లోని ఆకుపచ్చవి అంచు దాకా వచ్చి తమంతట తామే పడిపోతాయి, ఇవి అంచు దగ్గర వెనక్కి తిరుగుతాయి, అంటే నువ్వు దిగాల్సిన పలక మీద అది ఎప్పటికీ ఉంటుంది. రెక్కలున్న ఎర్ర తాబేలు గాలిలో పైకీ కిందికీ ఊగుతూ దూకే దారిలోనే అడ్డం పడుతుంది. టైమ్ కూడా 400 నుంచి 300కు తగ్గుతుంది, పుట్టగొడుగు లెవెల్ మొత్తానికీ ఒక్కటే. ఒకేసారి ఇన్ని మార్చడం ఎక్కువే అంటాను, 1-2కూ దీనికీ మధ్య సగం నేల, సగం గాలి ఉన్న చిన్న లెవెల్ ఒకటి ఉంటే బాగుండేది. దీన్ని కాపాడేది ఒక్కటే, సగం దాటాక చస్తే మధ్యలోంచి మొదలవుతుంది. ఆ గుర్తు తెరమీద ఎక్కడా కనపడదు, కానీ ఉంటుంది.

1-4 కోటలో అదీ లేదు, ఎక్కడ చచ్చినా మొదటికే. అయినా నాకు 1-3 కంటే ఇదే తేలిక. తిరిగే నిప్పుకడ్డీలకు ఒక లయ ఉంటుంది, అంచున నిలబడి ఒక చుట్టు చూసి పోవచ్చు, 1-3లో లిఫ్టు మీద నిలబడి ఆలోచించే వీలుండదు. మొదట్లోనే దొరికే పుట్టగొడుగును చివరిదాకా కాపాడుకుంటే కోట చివర కాపు కాసే బౌజర్ దగ్గర దెబ్బ తిని, ఒళ్ళు మెరుస్తున్న ఆ కాసేపట్లోనే వాడిలోంచి దూసుకుపోయి వెనకున్న గొడ్డలి తాకి కోట ముగించొచ్చు. అక్కడ కొత్తవాళ్ళకు నేను చెప్పే మాట అదొక్కటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన పాత టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 సార్లు తెర మారేవి, ఈ ఆట జపాన్‌లో 60కి తయారైంది. అందుకని మనం సెట్ల మీద ఆడిన మారియో ఆరో వంతు నెమ్మది. ఆటలోని గడియారం కూడా తెర మార్పుల్నే లెక్కపెడుతుంది, 24 మార్పులకు ఒక అంకె తగ్గుతుంది. అంటే 400 అంకెలు 60 మీద 160 సెకన్లు, 50 మీద 192 సెకన్లు. లిఫ్టు, తాబేలు, గడియారం అన్నీ కలిసి నెమ్మదించాయి కాబట్టి ఆటలోపల ఏమీ తేడా కనపడదు, లాభమంతా మన కంటికీ చేతికీ. తర్వాత 60 మీద ఆడినప్పుడు 1-1 పెద్దగా మారలేదు గానీ 1-3 లిఫ్టులు మాత్రం వేరే ఆటలా తోచాయి. చిన్నప్పుడు సులువుగా దాటాం కదా అని ఇప్పటి పిల్లల్ని తొందరపెట్టొద్దు, వాళ్ళు ఆడేది మనం ఆడిన వేగం కాదు.

2-1కు వచ్చేసరికి మళ్ళీ పగటి వెలుగు, గట్టి నేల, 400 టైమ్. ఎగిరెగిరి వచ్చే ఆకుపచ్చ రెక్కల తాబేళ్ళు కొత్త, గూంబాలు గుంపులుగా వస్తాయి, కానీ పడిపోయే భయం తగ్గింది కాబట్టి ఊపిరి ఆడుతుంది. 1-1 కంటే ఖచ్చితంగా కష్టం, 1-3 కంటే ఖచ్చితంగా తేలిక. కష్టం ఇలా ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కడమే నాకు ఈ ఆటలో బాగా నచ్చింది, ఇది లేకపోతే చాలామంది కోట దగ్గరే వదిలేసేవాళ్ళు. మూడు ప్రాణాలూ 2-1లో పోయినా, టైటిల్ తెర మీద A బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే మళ్ళీ 2-1 నుంచే మొదలవుతుంది, ఆ సంగతీ గుర్తుపెట్టుకోండి. చివర్లో స్ప్రింగ్ వస్తుంది, అది కిందికి నొక్కుకుని లేచే సమయానికి జంప్ నొక్కి పట్టుకుంటేనే ఎత్తుకు పోతావు. చవక సెట్ల రిమోట్ల మీద ఉండే టర్బో బటన్ అక్కడ వాడొద్దు, అది నొక్కి పట్టుకున్నట్టు కాక మాటిమాటికీ నొక్కి వదిలినట్టు పనిచేస్తుంది.