వర్డ్ టేబుల్‌లో వరుసలకు రంగు: చేత్తో వేయడం మేలా, స్టైల్‌కు వదిలేయడం మేలా?

మా అపార్ట్‌మెంట్ లెక్కలు నేను వర్డ్‌లో చేస్తానని తెలిసిన దగ్గర్నుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. వరుస విడిచి వరుసకు లేత రంగు వేయాలి. ఒక్కో వరుసనూ సెలెక్ట్ చేసి Shading నుంచి రంగు పోయాలా, లేక Table Design లో రంగు వరుసలున్న ఒక స్టైల్ ఎంచుకుని Banded Rows టిక్ పెట్టి ఊరుకోవాలా?

మొదటి రెండేళ్లు నేను చేత్తోనే వేశాను. నచ్చిన వరుసకు నచ్చిన రంగు వేసుకునే వీలు ఉంది, స్టైల్స్ గొడవ లేదు. మారని పది వరుసల టేబుల్‌కు ఇప్పటికీ అది చాలు. చిక్కంతా టేబుల్ మారినప్పుడే. మాది 28 ఫ్లాట్ల లిస్టు. ఓసారి మధ్యలో ఒక ఫ్లాట్ రాయడం మరిచిపోయి, తర్వాత వరుస చేర్చాను. కొత్త వరుస పక్క వరుస రంగునే తెచ్చుకుంది. రెండు బూడిద వరుసలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. మీటింగ్‌లో ఒకాయన తన పేరు మీద వేలు పెట్టి, చివరి కాలమ్‌కు వచ్చేసరికి కింది వరుస బాకీ చదివి కంగారుపడ్డారు. దారి చూపించాల్సిన రంగే ఆయన్ని దారి తప్పించింది.

Banded Rows అయితే వరుస చేర్చినా తీసేసినా వర్డ్ తానే మళ్లీ లెక్కపెట్టుకుని రంగులు సర్దుతుంది. అందుకే నా ఓటు దానికే. ఒక్క జాగ్రత్త: ముందే చేత్తో వేసిన రంగు ఉంటే అది స్టైల్‌ను కప్పేస్తుంది, టిక్ పెట్టినా మార్పు కనిపించదు. అప్పుడు స్టైల్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి Apply (and Clear Formatting) ఎంచుకోవాలి. నిలువుగా కలిపేసిన సెల్స్ ఉన్న టేబుల్‌లో మాత్రం ఏ పద్ధతీ అందంగా రాదు. అక్కడ రంగు మానేసి సన్న గీతలు పెట్టుకోవడమే మంచిది.

అయితే రంగు కంటే నేను పట్టించుకునేది అంకెలను. రంగు కంటిని అడ్డంగా నడిపిస్తుంది, అంతే. ఎవరి బాకీ ఎక్కువో చూడాలంటే కన్ను నిలువుగా దిగాలి, అక్కడ పని చేసేది అంకెల వరస. నీళ్ల బిల్లు కాలమ్‌లో 312.5, 95, 1,040.00 అని మూడు రకాలుగా రాసి మధ్యకు సర్దితే, ఏది పెద్దదో తెలియాలంటే ప్రతి అంకెనూ చదవాల్సిందే. అవే 312.50, 95.00, 1,040.00 అని రాసి కుడివైపుకు సర్దండి. 1,040 ఎడమకు పొడుచుకొచ్చి, చదవకుండానే పెద్దదని తెలిసిపోతుంది.

ఇక్కడ రెండు దారులున్నాయి. అన్ని అంకెలకూ పాయింట్ తర్వాత రెండే స్థానాలుంటే కుడి అలైన్‌మెంట్ చాలు. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి మూడు స్థానాలు తప్పనిసరైతే రూలర్ మీద డెసిమల్ ట్యాబ్ పెట్టాలి. సెల్‌లో ట్యాబ్ కీ నొక్కనక్కర్లేదు, చుక్కలు వాటంతటవే ఒక గీతలోకి వస్తాయి. కానీ ఆ సెల్ ఎడమ అలైన్‌మెంట్‌లో ఉండాలి; మధ్యకో కుడికో ఉంటే ట్యాబ్ పనిచేయదు. డబ్బు లెక్కలకు నేను మొదటిదే వాడతాను. పైసలు లేకపోయినా .00 రాస్తాను, బాకీ లేకపోతే ఖాళీ వదలకుండా 0.00 రాస్తాను.

ఆ ఖాళీ సంగతి చూపుకోసమే కాదు. వర్డ్‌లో సెల్‌కు నంబర్ ఫార్మాట్ ఉండదు. మనం టైప్ చేసిందే ఫార్మాట్. ఫార్మాట్ చెప్పగలిగేది ఫార్ములాకు మాత్రమే. SUM(ABOVE) వాడితే మధ్యలో ఖాళీ సెల్ తగలగానే కూడిక అక్కడే ఆగిపోవచ్చు. కాలమ్ హెడింగ్ 2024 అని అంకెతోనే ఉంటే దాన్నీ కలిపేస్తుంది. పాత బాకీల మొత్తం సరిగ్గా 2,024 ఎక్కువ వచ్చినప్పుడు నాకు ఆ సంగతి అర్థమైంది. అప్పటినుంచి టేబుల్ Layout లోని Formula బాక్స్‌లో వరుసలు నేనే చెబుతున్నాను:

```
=SUM(B2:B29) \# "#,##0.00"
```

అంకెలు మార్చాక మొత్తం మీద క్లిక్ చేసి F9 నొక్కాలి. వరుస చేర్చితే B29 ను B30 గా మనమే మార్చాలి, Banded Rows లాగా ఇది తనంతట సర్దుకోదు.

లిబ్రేఆఫీస్ రైటర్‌లో సెల్‌కే నంబర్ ఫార్మాట్ ఇవ్వొచ్చు, ఆ సుఖం అక్కడుంది. ఎక్సెల్‌లో చేసి తెచ్చి అతికించడమూ ఒక దారే, కూడికలు ఎక్కువైతే అదే నయం.

రంగు విషయానికొస్తే White, Background 1, Darker 5% దాటి వెళ్లకండి. మా లెక్కలు జిరాక్స్ తీసి నోటీసు బోర్డు మీద పెడతాం. అంతకంటే ముదురు బూడిద వేసినప్పుడు కాపీలో చుక్కలు చుక్కలుగా పడి, అంకెల్లోని పాయింట్ ఏదో, మరక ఏదో తెలియలేదు.